కార్డుకు 2 శాతం అదనం అని బోర్డు పెట్టే ముందు: మన వ్యాపారుల సంఘానికి బహిరంగ లేఖ

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, తోటి కొట్ల వాళ్లకు నమస్కారం.

పోయిన సమావేశంలో చదివిన తీర్మానం ముసాయిదాను ఇంటికి వచ్చాక మళ్లీ నింపాదిగా చదివాను. అందులో మూడు మాటలున్నాయి. కార్డు గీస్తే బిల్లు మీద 2 శాతం అదనంగా తీసుకోవాలి. రూ.200 లోపు బిల్లుకు కార్డు ఒప్పుకోకూడదు. స్కానర్ మీద రూ.2,000 దాటిన చెల్లింపు తీసుకోకూడదు, దానికి 1.1 శాతం కోత పడుతుంది కాబట్టి. వచ్చే నెల నుంచి అన్ని కొట్ల ముందూ ఒకే రకం బోర్డు పెట్టాలన్నారు. చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో ఆ గోలలో చెప్పే వీలు దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం.

కోతల మీద కోపం నాకూ తక్కువేం లేదు. నాది స్టేషనరీ కొట్టు. పోయిన ఏడాది మొత్తం అమ్మకం రూ.18.6 లక్షలు. రెండు రూపాయలు మిగిలే చోట బ్యాంకు వాడు పావలా పట్టుకుపోతే ఎవరికైనా మండుతుంది. కాకపోతే ఆ పావలా ఏ పేరు మీద పోతోందో మనలో చాలామందిమి చూడటం లేదు. నేనూ రెండేళ్లు చూడలేదు. "అంతా కమిషనే, రెండు శాతం" అని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి, బ్యాంకు మర్చంట్ పోర్టల్ నుంచి నెల స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో దించుకుని, వరుస వరుసా చిట్టాతో సరిపోల్చాను. అప్పుడు గానీ సంగతి తెలియలేదు.

ఆ నెల అమ్మకం రూ.1,55,000. అందులో నగదు 41,000, స్కానర్ మీద 78,000, కార్డు మెషీన్ మీద 36,000. ఈ మూడో ముక్కను మళ్లీ విడదీస్తే రూపే డెబిట్ 8,000, వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ 12,000, క్రెడిట్ కార్డులు 16,000. ఇంతకీ నాకు పడిన మొత్తం కోత రూ.1,419. స్కానర్ వాటా కింద పోయిన కొద్దిపాటి మొత్తాన్ని పక్కన పెడితే కార్డుల వైపు పోయింది సుమారు రూ.1,240. అంటే 36,000 మీద దాదాపు మూడున్నర శాతం. తీర్మానంలో రాసుకున్న 2 శాతం ఎక్కడ, ఇదెక్కడ? అలాగని కమిషన్ మూడున్నర శాతం ఉందనుకోకండి. అసలు కమిషన్, అంటే బ్యాంకు వాళ్లు ఎండీఆర్ అనేది, ఆ కార్డుల మీద రూ.444 మాత్రమే. ఒకటింపావు శాతం కూడా నిండదు. మిగతాది వేరే దారుల్లో పోయింది.

ముందు ఆ కమిషన్ సంగతి చూద్దాం. కార్డు గీసినప్పుడు మన దగ్గర కోసిన డబ్బు మూడు చేతులకు వెళుతుంది. పెద్ద వాటా కొనేవాళ్లకు కార్డిచ్చిన బ్యాంకుది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌ది. మిగిలింది మనకు మెషీన్ పెట్టిన బ్యాంకుది. మనం బేరమాడగలిగేది ఈ చివరి వాటా మీదే. మొదటి రెండూ వాళ్ల చేతిలో కూడా లేవు. అందుకే క్రెడిట్ కార్డు రేటును సగానికి తెస్తానని ఏ ఏజెంటైనా అంటే, ఆ తేడా ఇంకెక్కడ కలుపుతున్నాడో అడగండి. నా మటుకు నాకు, పోటీ బ్యాంకు రేటు కాగితం చూపించి గట్టిగా అడిగితే 2.1 శాతం 1.75కి దిగింది. నెలకు రూ.56 మిగిలింది. బేరంతో వచ్చేది ఈ మాత్రమే.

డెబిట్ కార్డు దగ్గర బేరమే అక్కర్లేదు, అక్కడ హద్దు ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 డిసెంబరులో ఇచ్చిన ఆదేశం 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కిందటి ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ రూ.20 లక్షల లోపు ఉన్న వ్యాపారి దగ్గర డెబిట్ కార్డు మీద 0.40 శాతానికి మించి తీసుకోకూడదు. కార్డును క్యూఆర్ ద్వారా వాడితే 0.30 శాతమే. ఒక్క చెల్లింపుకు ఎంత పెద్ద బిల్లయినా రూ.200 దాటకూడదు. 20 లక్షలు దాటిన వాళ్లకు 0.90 శాతం, క్యూఆర్ అయితే 0.80, బిల్లుకు రూ.1,000 దాకా. రూపే డెబిట్‌కు, యూపీఐకి 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా.

నా టర్నోవర్ 18.6 లక్షలు. కానీ స్టేట్‌మెంట్‌లో ఆ 12,000 డెబిట్ అమ్మకం మీద రూ.108 కోశారు. 108ని 12,000తో భాగించండి, 0.90 శాతం వస్తుంది. పడాల్సింది రూ.48. బ్రాంచికి వెళ్లి అడిగితే అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "అంకుల్, మీ ఫారంలో టర్నోవర్ ఇరవై లక్షల పైన అని టిక్ ఉంది" అంది. మెషీన్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు నిలబడే ఫారం నింపేశాడు. నేను సంతకం పెట్టిందీ నిలబడే. ఆ ఒక్క టిక్కు రెండేళ్లు నడిచింది.

నేను బ్యాంకుకు ఇచ్చిన అర్జీలో పెద్ద భాషేమీ లేదు. "మా కొట్టు కిందటి ఆర్థిక సంవత్సరం టర్నోవర్ రూ.20 లక్షల లోపు. రుజువుగా రిటర్నుల ప్రతి జత చేశాను. మా మర్చంట్ ఐడీని చిన్న వ్యాపారి కేటగిరీకి మార్చి డెబిట్ కార్డు ఎండీఆర్‌ను 0.40 శాతానికి సవరించగలరు. ఇదివరకు అదనంగా తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వగలరు. కార్డు రకం వారీగా మాకు వర్తించే రేట్ల పట్టిక రాతపూర్వకంగా ఇవ్వగలరు." అంతే. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర మర్చిపోవద్దు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పుడు మొదట అడిగేది బ్యాంకుకు ఎప్పుడు రాశారనే. హద్దు దాటి కోస్తే అక్కడ మన మాట నిలబడుతుంది. క్రెడిట్ కార్డు రేటు ఎక్కువుందని వెళితే మాత్రం అది బ్యాంకు వ్యాపార నిర్ణయం అంటారు, అక్కడ పని జరగదు. నాకు అంతదూరం పోవాల్సిన అవసరం రాలేదు. 22వ రోజున రేటు మార్చారు. పాత తేడా అడిగితే మూడు నెలలది మాత్రం జమ చేసి, మిగతాదానికి మీ సంతకమే ఉందిగా అన్నారు. ఉంది మరి.

ఇక నాకు అసలు మింగుడుపడనిది ఈ కమిషన్ కాదు. మెషీన్ అద్దె నెలకు రూ.399, సౌండ్ బాక్స్ అద్దె 125, "అదే రోజు జమ" అనే సేవకు రోజుకు ఎనిమిది చొప్పున 26 రోజులకు 208. మొత్తం రూ.732. కమిషన్లన్నీ కలిపినా 470 అయితే, అద్దెలూ సేవలూ దానికి ఒకటిన్నర రెట్లు. ఇవేవీ శాతాలు కావు గనుక "రేటెంత?" అని అడిగినప్పుడు బయటికి రావు. అమ్మకం తగ్గిన నెలలో కూడా ఇవి తగ్గవు, కాబట్టి మనలాంటి చిన్న కొట్టుకు బరువు ఎక్కువ. నెలకు 36,000 గీసే కొట్టుకు 399 అద్దె అంటేనే ఒక శాతం పైమాట. మూడు లక్షలు గీసే వాడికి అదే అద్దె లెక్కలోకి రాదు.

అదే రోజు జమ నేను కావాలని ఎప్పుడూ అడగలేదు. మామూలుగా మర్నాడు పనిదినాన డబ్బు పడుతుంది. నా సరుకు బిల్లులు వారానికోసారి కడతాను, సాయంత్రానికే డబ్బు చేతికి రావాలన్న తొందర నాకు లేదు. రోజువారీ సరుకు తెచ్చుకునే వాళ్లకు ఆ ఎనిమిది రూపాయలు గిట్టుబాటు కావచ్చు, వాళ్లను ఆపేయమనను. నాది ఆపమంటే ఒక్క ఫోన్‌తో ఆగిపోయింది. సౌండ్ బాక్స్ విషయం ఇంకా చిత్రం. నా దగ్గరున్న కొత్త మెషీనే తెర మీద బిల్లు మొత్తంతో క్యూఆర్ చూపిస్తుంది, డబ్బు పడితే గట్టిగా చెబుతుంది. రెండు డబ్బాలూ గల్లాపెట్టె పక్కన చెరోవైపు కూర్చుని ఉన్నాయి. సౌండ్ బాక్స్ తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, లేకపోతే అద్దె నడుస్తూనే ఉంటుంది. మన పక్క వరుసలో ఒకాయనకు డబ్బా పోయి ఆరు నెలలైనా ప్రతి నెలా 125 పోతోంది. మెషీన్ అద్దె మాత్రం పూర్తిగా ఎత్తేయలేదు. వేరే బ్యాంకుకు మారతానంటే రూ.200కి దించారు.

జీఎస్టీ దగ్గర ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ కమిషన్ల మీద, అద్దెల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. కానీ ఒక్కో కార్డు చెల్లింపు రూ.2,000 వరకు ఉన్నప్పుడు, దాన్ని జమ చేసినందుకు బ్యాంకు తీసుకునే కమిషన్ మీద జీఎస్టీ లేదు. నా స్టేట్‌మెంట్‌లో మొత్తం రూ.1,202 మీదా గుడ్డిగా 18 శాతం లెక్కగట్టి 216 కోశారు. దీనికి విడిగా రాసిచ్చాను, సరిచేశారు. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవాళ్లు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోగలరు, అందుకు బ్యాంకు పన్ను ఇన్‌వాయిస్‌లో మీ జీఎస్టీ నంబరు ఉండాలి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు, అసలు రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఆ పన్ను తిరిగిరాదు.

ఇవన్నీ సరిచేసుకున్నాక అదే అమ్మకానికి పడే కోత ఇలా ఉంది. డెబిట్ మీద 48, క్రెడిట్ మీద 280, స్కానర్ మీద వచ్చిన ఒక వాలెట్ చెల్లింపుకు 26, మెషీన్ అద్దె 200, జీఎస్టీ 73. మొత్తం రూ.627. అంతకుముందు 1,419. నెలకు రూ.790 చొప్పున ఏడాదికి తొమ్మిదిన్నర వేలు. కొనేవాళ్ల దగ్గర పైసా అదనంగా తీసుకోకుండానే.

ఇప్పుడు మీ బోర్డు దగ్గరికి వస్తాను.

రెండు శాతం అదనం అన్న మాట డెబిట్ కార్డు వరకు చెల్లదు. ఎండీఆర్‌ను కొనేవాళ్ల మీద వేయనివ్వకుండా చూసుకోవాలని ఇందాక చెప్పిన ఆదేశంలోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. రూపే డెబిట్‌కు మన దగ్గర కోసేదే లేనప్పుడు దాని మీద రెండు శాతం తీసుకుంటే అది మన జేబులోకే పోతుంది. క్రెడిట్ కార్డు సంగతి వేరు కదా అంటారేమో. బ్యాంకుతో మనం చేసుకున్న ఒప్పందం వెనక పేజీలు ఒకసారి చదవండి. కార్డుకు అదనం వసూలు చేయనని రాసిన కాగితం మీదే మనలో చాలామందిమి సంతకం పెట్టాం. ఎవరో ఒకరు బిల్లు ఫొటో తీసి బ్యాంకుకు పంపితే మెషీన్ లాగేసుకుంటారు. సంఘం పేరుతో అచ్చువేసిన బోర్డు మీద అయితే ఫొటో తీసేవాడికి పని ఇంకా తేలిక.

200 లోపు కార్డు వద్దన్న మాట నాకు అసలు అర్థం కాలేదు. కమిషన్ శాతంలో ఉన్నప్పుడు చిన్న బిల్లుకు చిన్న కోతే. 150 రూపాయల బిల్లు మీద డెబిట్ కోత 60 పైసలు, దాని మీద జీఎస్టీ కూడా లేదు. మీ ఒప్పందంలో ప్రతి చెల్లింపుకు ఇంత అని స్థిర రుసుం ఉంటే అప్పుడు చిన్న బిల్లు బరువవుతుంది, అది రేట్ల పట్టికలో చూసుకోవచ్చు. లేనప్పుడు చిన్న బిల్లులను తరిమేసి సాధించేదేమీ లేదు. కోత నొప్పి తెలిసేది పెద్ద క్రెడిట్ బిల్లులో. ఆఫీసుల వాళ్లు నెలకోసారి ఆరేడు వేలకు కాగితం, ఫైళ్లు తీసుకుని కార్డు ఇస్తారు. వాళ్లకు నేను బిల్లు రాసేటప్పుడే "యూపీఐ చేస్తారా, ఖాతా నంబరు పంపమంటారా?" అని అడుగుతున్నాను. పదిలో ఆరుగురు సరే అంటారు. మిగతా నలుగురి దగ్గర కార్డే తీసుకుంటాను, బేరం పోగొట్టుకోను.

రెండు వేలు దాటిన స్కానర్ చెల్లింపు గురించి మన గ్రూపులో తిరిగే మెసేజ్ సగం నిజం. 1.1 శాతం వరకు అన్నది 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నియమమే, కానీ అది వాలెట్‌లో ముందే నింపుకున్న డబ్బును యూపీఐ ద్వారా ఇస్తేనే, అదీ రూ.2,000 దాటితేనే. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి ఎంత పెద్ద మొత్తమైనా ఆ కోత లేదు. నా స్కానర్ మీద ఆ నెల వచ్చిన 78,000లో ఇలా కోత పడింది ఒకే ఒక్క 2,400 చెల్లింపుకు. ఆ 26 రూపాయలకు భయపడి రెండు వేలు దాటిన వాళ్లందరినీ కార్డు వైపు నెడితే, సున్నా కోత ఉన్న చోటు నుంచి 1.75 ఉన్న చోటుకు మనమే తోసినట్టు. యూపీఐలో రూపే క్రెడిట్ కార్డు తగిలించుకుని చెల్లించేవాళ్లు కూడా పెరుగుతున్నారు. చిన్న వ్యాపారి దగ్గర అది రూ.2,000 దాటితే కోత ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో దాన్ని విడిగా చూపమని అడగండి, లేకపోతే "యూపీఐకి కూడా కోస్తున్నారు" అని అనవసరంగా గొడవపడతాం. దీన్ని తప్పించుకోవడానికి కొందరు సొంత ఖాతా క్యూఆర్ అతికిస్తున్నారు. ఇంటి డబ్బూ కొట్టు డబ్బూ ఒకే ఖాతాలో కలిశాక రిటర్నుల వేళ విడదీయడానికి అయ్యే ఖర్చు ముందు ఆ కోత ఏపాటి?

అందుకని కార్యవర్గాన్ని నేను కోరేది ఇది. బోర్డు తీర్మానాన్ని వచ్చే సమావేశంలో పక్కన పెట్టండి. దాని బదులు ప్రతి సభ్యుడూ మూడు నెలల స్టేట్‌మెంట్ తెచ్చేలా చూడండి. ఎవరి డెబిట్ రేటు 0.40 దాటిందో, ఎవరికి అడగని సేవల కోత పడుతోందో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. 20 లక్షలు దాటిన వాళ్లు కాగితం మీద తక్కువ చూపించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అర శాతం తేడాకు, నాలాంటి అమ్మకం ఉంటే నెలకు 60 రూపాయలకు, ఆ తలనొప్పి దండగ.

ఆ తర్వాత అందరి కార్డు అమ్మకాలూ కలిపి ఒక అంకె వేసి, రెండు మూడు బ్యాంకులను కొటేషన్ అడుగుదాం. నా ఒక్కడి 36,000కి ఎవడూ లేచి కూర్చోడు, నలభై కొట్లది కలిపితే కనీసం మనిషిని పంపుతాడు. అడిగేటప్పుడు క్రెడిట్ రేటు ఒక్కటే అడగొద్దు. మెషీన్ అద్దె ఎంత అమ్మకం దాటితే ఎత్తేస్తారు, కాలపరిమితికి ముందు మానేస్తే జరిమానా ఎంత, మెషీన్ వాడని నెలలో కోత ఉందా, కార్డు రకం వారీగా రేట్ల పట్టిక ఒప్పందానికి జత చేస్తారా అన్న నాలుగూ అడగాలి. ముఖ్యంగా ఆ పట్టిక. మెషీన్ తెచ్చే కుర్రాడు నోటితో చెప్పే రేటు, స్టేట్‌మెంట్‌లో పడే రేటు ఒకటి కానప్పుడు మన చేతిలో ఉండేది ఆ కాగితమే.

నా పాత స్టేట్‌మెంట్, సరిచేశాక వచ్చిన స్టేట్‌మెంట్, బ్యాంకుకు ఇచ్చిన అర్జీ నకలు కార్యదర్శి గారి దగ్గర కవరులో పెట్టాను. ఎవరికైనా కావాలంటే తీసుకుని, పేరూ ఐడీ మార్చి వాడుకోండి. ఎక్సెల్‌లో డెబిట్, క్రెడిట్ విడదీయడం రాని వాళ్లు కొట్టు కట్టేశాక రాత్రి తొమ్మిది తర్వాత నా దగ్గరికి రండి. స్టేట్‌మెంట్ దించుకుని ఉన్న ఫోన్ మాత్రం తెచ్చుకోండి.

ఇట్లు,
సంఘం సభ్యుడు, స్టేషనరీ కొట్టు